పద్నాలుగో ప్రశ్నకు ప్రతీకారం

కడపలోని ఒక సభామందిరంలో తొమ్మిదేళ్ల కిందట నిండు సభ నవ్విన నవ్వు ఓబులేశు చెవులలో ఇప్పటికీ మోగుతూనే ఉంది. ఆ నవ్వు అతని తల్లి నాగక్కను గురించి పుట్టినది. సభలో ఆమె లేదు. ఆమె కొడుకు మాత్రం చివరి వరుసలో, గోడవారగా కూర్చుని ఉన్నాడు.

ఆనాడు వేదిక మీద మాట్లాడినవాడు ఆచార్య వామనమూర్తి. మనస్తత్వశాస్త్రంలో పేరు మోసిన పండితుడు, ఓబులేశు పరిశోధనకు గురువు. విదేశంలో చర్చికి వెళ్లే భక్తుల కోసం తయారైన ఒక మతనిష్ఠ మాపకాన్ని ఆయన తెలుగులోకి తెచ్చాడు. అందులో ఇరవై ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ‘అసలు ఒప్పుకోను’ మొదలుకొని ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ వరకు అయిదు మెట్లు. జవాబుల మార్కులు కూడితే మనిషికి దేవుడి మీద ఉన్న నిష్ఠ ఎంతో తేలిపోతుందని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నలు పట్టుకొని ఊరూరా తిరిగి జవాబులు సేకరించినవాడు ఓబులేశు. “మీ ఊళ్లో కూడా అడిగి రావయ్యా, బస్సు ఛార్జీలు కలిసివస్తాయి” అని గురువే చెబితే, తన ఇంటి ముంగిట్లో, తన తల్లి ఎదుటనే కూర్చుని అడిగాడు.

“చూడండి,” అన్నాడు ఆనాడు వామనమూర్తి చిరునవ్వుతో, “నల్లమల అంచున ఒక పల్లె. అక్కడ ఒక ముసలమ్మ. గుడికి వారానికి ఎన్నిసార్లు వెళతావమ్మా అని అడిగితే, నేను పోనప్పా అంది. మతగ్రంథం చదువుతావా అంటే చదువు రాదంది. ఇక పద్నాలుగో ప్రశ్న, ‘నాకు దేవుడి మీద కోపం వస్తుంది’ అనేది. దానికి ఆవిడ ఏమందో తెలుసా? ‘కోపమేంది, తిడతా!’ అంది. మా నమూనా మొత్తంలో అందరికన్నా తక్కువ మార్కు ఈ తల్లిదే. నుదుటి మీద మాత్రం రూపాయి బిళ్లంత బొట్టు!”

సభ గొల్లుమంది. ఆ నవ్వు మీదుగానే ఆయన తన నిర్ణయం వినిపించాడు: వరుస కరువులు సీమ పల్లెల విశ్వాసాన్ని ఎండబెట్టాయి, అక్కడ మిగిలినది పైపై ఆచారమే.

నాగక్క నిజంగా చెప్పిన జవాబు వేరు. “నేను పోనప్పా, ఆయనే వస్తాడు” అని ఆమె అన్నది. ప్రశ్నాపత్రంలో అంకె వేయడానికి గడి ఉంది గాని, ఆ రెండో మాటకు చోటు లేదు. ఓబులేశు తన గురువుకు నోటితో చెప్పిన మాటలలో నుంచి ఆయన తనకు కావలసిన సగం ఏరుకున్నాడు.

అహోబిల నరసింహస్వామి ఏటా పారువేట అనే వేట ఉత్సవానికి బయలుదేరి, పల్లకిలో పల్లె పల్లెకూ తిరిగి, తన పెండ్లికి రమ్మని జనాన్ని స్వయంగా పిలుస్తాడు. చెంచులక్ష్మిని చేపట్టినందుకు ఆ అడవి అంచు పల్లెలకు ఆయన అల్లుడు. పిలవడానికి ఇంటిదాకా వచ్చేవాడి కోసం వాకిలి అలికి ఎదురుచూడటమే మర్యాదని, ఆయన పిలవక ముందు కొండకు పోవడం తగదని నాగక్క పుట్టినప్పటి నుంచి ఎరిగిన సంగతి. భగవంతుడు భక్తుని వెదుక్కుంటూ వచ్చే నేలలో, భక్తుడు వారానికి ఎన్నిసార్లు నడిచి వెళ్లాడని లెక్క తీస్తే సున్న కాక మరేమి వస్తుంది?

ఆ సాయంత్రమే ఓబులేశు గురువు గదికి వెళ్లి ఈ మాటే చెప్పాడు. వామనమూర్తి కళ్లద్దాలు తుడుచుకుంటూ, “పరిశోధనలో సెంటిమెంటు పనికిరాదోయ్. అమ్మ మీద ప్రేమను ఇంటి దగ్గర పెట్టి రా” అన్నాడు. ఆ తరువాత ఓబులేశు సిద్ధాంత గ్రంథం ఆయన బల్ల సొరుగులో నాలుగేళ్లు పడుకుంది. ఒకసారి ఉపోద్ఘాతం బాగాలేదన్నాడు, ఒకసారి ఉపసంహారం బాగాలేదన్నాడు. పట్టా చేతికి వచ్చేసరికి ఓబులేశు తల ముందు భాగం నెరిసింది. లోపల ఉన్న కోపం మాత్రం నెరవలేదు. స్తంభంలో నరసింహుడు ఉన్నట్లు అది అతనిలో వేళ కోసం ఉండిపోయింది.

ఆ వేళ ఈ ఏడు వచ్చింది.

కర్నూలులో ఒక ప్రైవేటు కళాశాలలో ఓబులేశు ఇప్పుడు మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాడు. రాష్ట్రమంతటా మానసిక ఆరోగ్య సర్వే జరగబోతున్నదనీ, అందులో వామనమూర్తి మాపకాన్నే వాడాలని ఆలోచిస్తున్నారనీ తెలిసింది. నిపుణుల సంఘానికి అధ్యక్షురాలు డాక్టర్ హిమబిందు. తుది నిర్ణయానికి ముందు ఆమె కడపలో పరిశోధనా పద్ధతుల సదస్సు ఏర్పాటు చేసి, మాపకాల మీద విమర్శపత్రాలను ఆహ్వానించింది. ఆహ్వానంలో సభాస్థలం పేరు చదివి ఓబులేశు కుర్చీలో వెనక్కి వాలాడు. అదే మందిరం.

“ఏమన్నా, ఒక్కనివే నవ్వుకుంటాండావు?” అన్నది ఫిరోజా. ఆమె అదే కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతుంది. తండ్రి హుసేన్ వలి కర్నూలు పాతబస్తీలో పరుపులు కుట్టే మనిషి. ఓబులేశు పత్రాలకు అంకెల పని ఆమెదే.

“కత్తికి సాన పట్టే రాయి దొరికిందమ్మా.”

“ఎవరి గొంతుకు?”

“నీకు తెలుసులే.”

“వామనమూర్తి సారా! ఇంగా వదల్లేదా ఆయప్పను?”

“వదిలేది లే. ఆ మందిరంలో ఆ మైకులోనే మాట్లాడల్ల. ఆయప్ప ముందు వరుసలో కూచోనుండల్ల. జనం నవ్వల్ల. అంతే నాకు కావల్సింది.”

మరునాటి నుంచి పని మొదలైంది. తన పరిశోధనను అచ్చువేసిన పత్రిక నిబంధన ప్రకారం వామనమూర్తి తన సమాచారాన్ని, పేర్లు తీసివేసి, అందరికీ అందుబాటులో ఉంచాడు. అందులో తల్లి జవాబుల వరుస ఓబులేశుకు చూడగానే దొరికింది. ఇద్దరూ కలిసి ఆ మాపకాన్ని కీలు కీలుగా విప్పారు.

అనువాదంలో తప్పు లేదు. తెలుగు ప్రశ్నలను, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఆంగ్లంలోకి మార్పించి సరిచూశారు. మాటకు మాట సరిపోయింది. మోసమంతా అక్కడే ఉంది. మాట దాటి వచ్చింది గాని, ఆ మాట వెనుక బతుకు దాటి రాలేదు. వామనమూర్తి గొప్పగా చెప్పుకునే ఆల్ఫా అంకె కూడా పెద్దదే. ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి పొత్తు కుదిరి ఉన్నాయని అది చెబుతుంది. ఆ ప్రశ్నలన్నీ కలిసి కొలుస్తున్నది భక్తినా, మరొకదాన్నా అన్నది దానికి తెలియదు.

“ఈడ చూడన్నా,” అని ఫిరోజా ఒక మధ్యాహ్నం తెర వైపు చూపింది. “ఆయప్ప నమూనాలో పట్నం కాలేజీ పిల్లోల్లే ఎక్కువ. పల్లెటూరోల్లు పిడికెడంత. అందర్నీ కలిపి లెక్కేసినాడు కాబట్టి పద్నాలుగో ప్రశ్న బాగున్నట్టు కనపడింది. పిల్లోల్లలో దేవుని మీద కోపం ఉండేటోల్లకు మిగతా భక్తి తక్కువే. పల్లెటూరోల్లను విడదీసి చూస్తే?”

“తిరగబడిందా?”

“మొత్తం తిరగబడింది. ఉపాసముండేటోల్లు, మొక్కులు తీర్చేటోల్లు, వాళ్లే ‘కోపమొస్తాది’ అన్యారు. భక్తి ఎంతుంటే కోపం అంత. ఆయప్పేమో కోపానికి మార్కులు కోసినాడు.”

ఓబులేశు బల్లను చరిచాడు. భగవంతుణ్ణి నిందించి స్తుతించడం ఈ నేల మీద ఎంత పాత విద్యో ఒక్క పద్యం కంఠతా వచ్చిన పిల్లవాడికైనా తెలుసు. ఆ చనువుకు కోత వేసి, కోత వేసిన దానిని శాస్త్రమన్నాడు ఆ మహానుభావుడు. అంతకుమించిన తప్పు మరొకటి ఉంది. ఒకే ప్రశ్న రెండు సమూహాలలోనూ ఒకే తీరుగా పని చేస్తున్నదని తేల్చకుండా ఆ సమూహాల సగటులను పోల్చకూడదు. దానిని కొలత సమానత అంటారు. వేరుశనగ మండీలో కూడా, రెండు తక్కెళ్లలో ఒకే రాయి ఒకే బరువు తూగుతుందని చూశాకనే రెండు బస్తాలను పోలుస్తారు. వామనమూర్తి ఆ పరీక్ష చేయనే లేదు. చేయకుండానే పట్నానికీ పల్లెకూ తూకం వేసి, పల్లెకు విశ్వాసం తక్కువని తీర్పు చెప్పాడు.

ఓబులేశు ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు రాశాడు. ఒకసారి నిజం కోసం, ఒకసారి నొప్పి కోసం. ‘మాపకకర్త ఈ ప్రాథమిక పరీక్షను విస్మరించడం ఆశ్చర్యకరం’ అని రాసి, ‘ఆశ్చర్యకరం’ కొట్టివేసి, ‘అర్థం చేసుకోదగినదే’ అని మార్చి, అది ఎక్కువ గుచ్చుకుంటుందని తృప్తి పడ్డాడు.

పత్రం చివర అతడు మరొక ఆయుధం పెట్టాడు. పారువేట పల్లెలలో అంతకు ముందే రెండేళ్లు తిరిగి, జనం నోట విన్న మాటలతో తానే తయారు చేసిన పన్నెండు ప్రశ్నలు అవి. ‘దేవుడితో పోట్లాడతాను’, ‘మాట తప్పితే దేవుణ్ణి నిలదీస్తాను’, ‘దేవుడు మా ఇంటి మనిషి’, ఇట్లాంటివి. దానికి సీమ భక్తి మాపకమని పేరు పెట్టాడు. దాని మీద నాగక్కకు నూటికి నూరు. మతమేదైనా సీమ మనిషి భక్తి స్వరూపం ఇదేనని పత్రంలో ఢంకా మీద కొట్టినట్లు రాశాడు. సర్వేలో గురువు మాపకం తీసివేసి ఆ పీఠం మీద తనది పెట్టిస్తే పగ పూర్తి అవుతుంది.

“మతమేదైనా అని రాసినావు కదా,” అన్నది ఫిరోజా, “అయితే పాతబస్తీలో మావోల్లను అడగొద్దా?”

“అడుగమ్మా. అడిగితే ఇంకా గట్టిగుంటాది.”

ఆమె అడిగింది. పదిహేను రోజులు కనబడలేదు. వచ్చిన నాడు కాగితాలు బల్ల మీద పెట్టి నిలబడింది గాని కూర్చోలేదు.

“ఏమమ్మా, మొగం అట్ల పెట్టినావు?”

“మా అబ్బకు ఎంత వచ్చిందో చెప్పుకో అన్నా.”

“హుసేన్ వలి మామకా? అయిదు పూటలూ నమాజు తప్పని మనిషి. ఎంతొచ్చింది?”

“అందరికన్నా తక్కువ.”

ఓబులేశు కాగితాలు లాక్కుని చూశాడు. పన్నెండింటిలో తొమ్మిది ప్రశ్నలకు ‘అసలు ఒప్పుకోను’ అని ఉంది. ఒక్క మనిషి సంగతి కాదది. పాతబస్తీ జవాబులలో ప్రశ్నల పొత్తే చెదిరిపోయింది. పల్లెలలో ఒక్క గుత్తిగా నిలిచినవి ఇక్కడ తలో దిక్కుకూ పోయాయి.

“‘దేవుడితో పోట్లాడతాను’ అని చదివినా,” అన్నది ఫిరోజా. “మా అబ్బ చేతిలో సూది కింద పెట్టినాడు. తౌబా తౌబా అని రెండు చెంపలూ ఏసుకున్యాడు. ‘ఎవరమ్మా ఇట్లాంటివి రాసింది? నువ్వు రాసినావా?’ అని నన్ను అడిగినాడు. నేనేం చెప్పల్ల? మా ఓబులేశన్న రాసినాడు, మీ భక్తి కొలిచేదానికి అని చెప్పల్లనా?”

“నేను ఆయన్ను తక్కువ చేసేదానికి రాయలేదమ్మా.”

“వామనమూర్తి సారూ అట్ల రాయలేదులే. మీ అమ్మకు ఆయన అల్లుడు. మా అబ్బకు మాలిక్, యజమాని. ఇంటికొచ్చిన అల్లునితో మాట్లాడినట్టు మాలిక్‌తో ఎవరన్నా మాట్లాడతారా? ఆ సారు మీ అమ్మను చూసి నవ్వినాడు, నువ్వు మా అబ్బను చూసి నవ్వలేదు. అదొక్కటే తేడా. మార్కు మాత్రం ఇద్దరూ ఒకటే ఏసినారు.”

ఓబులేశు కాగితాలను బోర్లించి పెట్టాడు. మెల్లగా, “ఈ పాతబస్తీ భాగం పత్రంలో పెట్టకపోతే?” అన్నాడు. “‘మతమేదైనా’ అన్న మాట తీసేస్తా. పారువేట పల్లెలకే అని రాస్తా. సదస్సు ఇంగ వారమే ఉండాది. ముందు ఆయప్ప మాపకం పడిపోనీ. తరువాత దీన్ని చూద్దాం.”

“సర్వే రాష్ట్రమంతా కదన్నా? నీ ప్రశ్నలతోనే మా అబ్బను కూడా కొలుస్తారు కదా?”

“ఇది చూపిస్తే ఆయప్ప లేచి ‘నీదీ అంతే కదయ్యా’ అని నవ్వుతాడు. మళ్లా అదే మందిరంలో. మళ్లా నా మీదనే. అది నేను ఓర్చుకోలేను ఫిరోజా.”

“సరే, పెట్టొద్దు. నా పేరు తీసేసి చదువుకో.” ఆమె గుమ్మం దాకా పోయి తిరిగింది. “ఇంగో మాట. మీ అమ్మ సంగతి సభలో చెప్తానంటాండావు. ఆయమ్మను అడిగినావా? ఆ సారు అడగలేదని తొమ్మిదేండ్లు తిట్టుకున్యావే, నువ్వు అడిగినావా?”

ఆ రాత్రికి కాదు, మరునాడు పొద్దున్నే ఓబులేశు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. అక్కడి నుంచి ఆటోలో తన పల్లెకు చేరేసరికి తల్లి వాకిలి అలికి ముగ్గు పెడుతున్నది. ఆ రోజు వారి ఊరికి పల్లకి వచ్చే రోజు.

ఎండ ముదిరే వేళకు డప్పులు వినిపించాయి. పల్లకిని ఊరి నడుమ అరుగు మీద దించారు. ఆడవాళ్లు కొబ్బరికాయలూ హారతులూ పట్టుకొని కదిలారు. నాగక్క అందరికన్నా ముందు పోయి, పల్లకి ఎదుట నడుము మీద చేయి వేసుకొని నిలబడింది.

“ఏమయ్యా నరసింహా, వచ్చినావా? ఏడాదికోపారి పెండ్లి కావల్ల నీకు! మా బోరులో నీళ్లు ఇంకిపాయ, శనగ చేను ఎండిపాయ. నీకు మాత్రం పందిళ్లు, పప్పన్నాలు! అడవిలో మా ఆడబిడ్డను చేసుకుంటివి కదా, అత్తగారింటికి వచ్చేటప్పుడు రోంత వానన్నా తెస్తే నీ సొమ్మేం పోతాది? సిగ్గు లేదా నీకు?” అంటూనే ఆమె పల్లకిలోకి వంగి చూసింది. “చూడు, ఎండకు మొగమెట్ల వాడిపాయనో. ఓ బొజ్జన్నా, గొడుగు ఇట్ల పట్టు, స్వామికి ఎండ తగుల్తాంది. ఆ మోసేటోల్లకు మజ్జిగిచ్చినారా లేదా?”

ఆమె హారతి కళ్లకద్దుకున్నప్పుడు చెంపల మీద తడి మెరిసింది. ఓబులేశు చేతులు జోడించి నిలబడ్డాడు. నూరు ప్రశ్నలు వేసినా ఈ నిమిషం వాటిలో చిక్కదని అతనికి తెలుసు. తన పన్నెండు ప్రశ్నలలో చిక్కిందని అంత గర్వం ఎందుకు పడ్డాడో మాత్రం ఆ క్షణాన తెలియలేదు. ఈ తిట్టులో ఉన్నది, పాతబస్తీలో సూది కింద పెట్టి చెంపలు వేసుకున్న ఆ చేతులలోనూ ఉంది. ఒకదానికి గజం తయారు చేసి రెండోదానిని కొలవబోయాడు.

పల్లకి సాగిపోయాక, అన్నం పెడుతున్న తల్లికి అంతా చెప్పాడు. తొమ్మిదేళ్లుగా దాచిన సభ సంగతి, నవ్వు సంగతి, మార్కు సంగతి.

నాగక్క సంగటి ముద్ద పెట్టి, పులుసు పోసి, చేయి కడుక్కుంది.

“ఆయప్పకు మన మీద ఏం కోపముండెరా?”

“కోపం లేదమ్మా. నవ్వుకున్యాడు, అంతే.”

“అట్లనా.”

“నువ్వేమీ అనవా? పొద్దున లేస్తే ఊర్లో అందర్నీ తిడతావు. నన్ను తిడతావు, కోడల్ని తిడతావు, బొజ్జన్నను తిడతావు. దేవున్నే తిడతావు. ఆయప్పను ఒక్క మాట అను, నా కడుపు చల్లబడతాది.”

“ఆయప్పను నేనెందుకంటా?” అన్నది నాగక్క, నిజంగానే ఆశ్చర్యపోయి. “నాకు ఆయప్ప ఎవురు?”

ఓబులేశు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

“నీ సంగతి సభలో చెప్పుకుంటా. చెప్పొచ్చా?” అన్నాడు ముద్ద పళ్లెంలో పెట్టి.

“చెప్పుకో. సగం చెప్పొద్దు. మొత్తం చెప్పు.”

తిరుగు బస్సులో నంద్యాల దాటేసరికి అతని మనసు స్థిరపడింది. పగ చల్లారలేదు, చల్లారాలని అతడు కోరనూ లేదు. దాని అంచు మాత్రం మారింది. దిగీ దిగగానే ఫిరోజాకు ఫోను చేశాడు.

“పాతబస్తీ అంకెలు మొదటి పేజీలోకి తే అమ్మా. చివరికి కాదు. మొదటికి.”

“మొదటికా? ముందు మనదే కొట్టుకుంటామా?”

“ముందు నా మెడ మీదనే పెడతా కత్తి. అది తెగుతాదని సభ చూసినాక, ఆయప్ప మెడ యాడ దాచిపెట్టుకుంటాడో నేనూ చూస్తా.”

అటువైపు నుంచి నవ్వు వినిపించింది. “నువ్వు శానా చెడ్డోనివన్నా. నా పేరు ఉంచు.” మళ్లీ తనే, “మా అబ్బను కూడా అడుగుతాలే” అన్నది.

సదస్సు నాడు మందిరం నిండింది. గోడల రంగు మారింది గాని ఆ కుర్చీలు అవే. వామనమూర్తి ముందు వరుసలో, శాలువ భుజాన వేసుకొని కూర్చున్నాడు. వయసు మీద పడినా ఆ చిరునవ్వు అలాగే ఉంది. ఓబులేశును చూసి, “ఏమోయ్, అమ్మగారు కులాసానా? ఇంకా తిడుతోందా దేవుణ్ణి?” అన్నాడు. పక్కవారు నవ్వారు. ఓబులేశు నమస్కారం పెట్టి వేదిక ఎక్కాడు.

“ముందుగా ఒక చెడ్డ మాపకం చూపిస్తాను,” అని మొదలుపెట్టాడు. “దీని కర్త తన వాళ్ల భక్తిని చూసి, అదే అందరి భక్తి అనుకున్నాడు. తన ఊళ్లో పరీక్షించాడు, బాగా పనిచేసింది. ఊరు దాటించి, నమాజు తప్పని ఒక పెద్దమనిషిని కొలిస్తే అది ఆయనను అందరికన్నా అడుగున పెట్టింది. ఇది పాతబస్తీలో ఎట్లా చెదిరిపోయిందో చూడండి.” తెర మీద రెండు పటాలు పక్కపక్కన కనబడ్డాయి.

“సర్వేకు పనికిరాదు, నిస్సందేహంగా,” అన్నది అధ్యక్ష స్థానంలో నుంచి హిమబిందు. “కర్త ఎవరు?”

వామనమూర్తి తల ఊపుతూ, “ఇటువంటివి బజారులో చాలా వస్తున్నాయి మేడమ్. సమానత పరీక్ష చేయకుండా ఊరు దాటించిన మాపకం చెత్తబుట్టకే” అన్నాడు.

“సెలవిచ్చారు సార్,” అన్నాడు ఓబులేశు. “దాని కర్తను నేనే. ఈ రోజుతో దీన్ని ఉపసంహరించుకుంటున్నాను. తమరి మాట సభ్యులందరూ గుర్తు పెట్టుకోవాలని మనవి. ఇప్పుడు రెండో మాపకం.”

తెర మారింది. ఇరవై ప్రశ్నలు. పద్నాలుగోదాని చుట్టూ ఎర్రటి గీత.

ఆ తరువాత అతడు ఒక్క కఠిన పదం వాడలేదు. సాన పట్టిన వాక్యాలన్నీ ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు. పట్నాన్నీ పల్లెనూ విడదీశాడు. ప్రశ్న ఒకచోట ఎటు లాగిందో, రెండోచోట ఎటు లాగిందో చూపాడు. “అందరికన్నా తక్కువ మార్కు వచ్చిన ఈ వృద్ధురాలిని గుడికి పోతావా అని అడిగితే, ‘నేను పోనప్పా, ఆయనే వస్తాడు’ అన్నది. ఈ మాట చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. మొత్తం చెప్పమన్నది” అని ముగించాడు.

హిమబిందు కలం కింద పెట్టింది. “వామనమూర్తి గారూ, ఈ సమాచారంలో సమూహాలను విడదీసి సమానత పరీక్ష చేశారా?”

“ఆ రోజుల్లో… అంటే, ఆల్ఫా బాగా వచ్చింది కనుక…”

“చేశారా, లేదా?”

“లేదు.”

“ఊరు దాటించిన మాపకం గురించి ఇందాక మీరే ఒక మాట అన్నారు,” అన్నది ఆమె. పక్కనున్న సభ్యునితో, సర్వే నుంచి ఆ మాపకం తీసివేసినట్లు నమోదు చేయమన్నది.

ఓబులేశు నవ్వు కోసం చెవులు రిక్కించాడు. తొమ్మిదేళ్లు దానికోసమే బతికాడు. సభలో ఎవరూ నవ్వలేదు. వామనమూర్తి శాలువ భుజం మీద నుంచి జారింది. దానిని ఎత్తి ఇవ్వడానికి పక్కవాడు కూడా వంగలేదు. నవ్వుకన్నా ఇది లోతుగా దిగిందని ఓబులేశు గ్రహించాడు. గ్రహించి, కళ్లు తిప్పుకోకుండా చూశాడు.

మధ్యాహ్నం బయటి మెట్ల దగ్గర వామనమూర్తి అతని కోసం నిలబడి ఉన్నాడు. ఆ చిరునవ్వు ముఖం మీద లేదు. పక్కనే ఫిరోజా టీ గ్లాసుతో ఆగిపోయింది.

“గెలిచావోయ్,” అన్నాడాయన. “నీదాన్ని నువ్వే చంపుకొని మరీ గెలిచావు.”

“మీ దగ్గర చదువుకున్నవాణ్ణి సార్.”

ఆయన శాలువ మడిచి చేతిలో పట్టుకున్నాడు. “మీ అమ్మగారి దగ్గరికి ఒకసారి వస్తాను. ఆనాడు అలా మాట్లాడి ఉండవలసింది కాదు. ఆవిడ నాలుగు తిట్టినా పడతాను. తిట్టించుకుంటే నాకూ భారం తగ్గుతుంది.”

ఓబులేశు గురువు పాదాలకు వంగి నమస్కరించాడు. లేచి, ఎంతో మర్యాదగా అన్నాడు:

“రండి సార్. మా అమ్మ మంచినీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది. తిట్టదు మాత్రం. మా అమ్మ తన వాళ్లనే తిడుతుంది.”

ఫిరోజాతో కలిసి అతడు కర్నూలు బస్సు వైపు నడిచాడు. వామనమూర్తి ఆ మెట్ల మీదనే, శాలువ చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు.